వేరు బుడిపె నులిపురుగులు: కుడతిని ప్రాంతపు కూరగాయ నేలలు

వేరు బుడిపె నులిపురుగు కూరగాయ మొక్కల వేళ్లలోకి దూరి, అక్కడే స్థిరపడి, వేరును బుడిపెలుగా ఉబ్బించే సూక్ష్మజీవి. శాస్త్రీయంగా ఇది మెలాయిడోగైనె ప్రజాతికి చెందినది. దక్కను పీఠభూమి కూరగాయ పొలాల్లో ముఖ్యంగా కనిపించేవి మెలాయిడోగైనె ఇన్‌కాగ్నిటా, మెలాయిడోగైనె జవానికా అనే రెండు జాతులు. టమాట, వంగ, బెండ, దోస, కాకర, సొర, మిరప, క్యారెట్ వంటి పంటలన్నీ వీటికి ఆహారమే. ఈ వ్యాసం బళ్లారికి పడమరగా హొసపేట దారిలో ఉన్న కుడతిని నేలలను, అక్కడి ఎండను దృష్టిలో పెట్టుకుని, ఈ పురుగును గుర్తించే తీరునూ బంతి, సోలరైజేషన్, నిరోధక వేరుమూలం అనే మూడు అదుపు పద్ధతులనూ వివరిస్తుంది.

బయటివారికి కుడతిని పేరు చెబితే థర్మల్ విద్యుత్ కేంద్రమో, నవీన శిలాయుగం నాటి బూడిదదిబ్బో గుర్తుకొస్తాయి. సేద్యం సంగతికొస్తే ఇది రెండు నేలల సరిహద్దు. పల్లంలో నల్లరేగడి, గుట్టల వైపు ఎర్రమట్టి, ఇసుక కలిసిన మసారి. నులిపురుగుకు ఈ తేడా చాలా ముఖ్యం. అది మట్టి రేణువుల మధ్య ఉండే సన్నని నీటి పొరలో ఈదుతుంది. రేణువులు పెద్దవై సందులు ఎక్కువగా ఉన్న ఇసుక నేలలో దాని ప్రయాణం సులువు, బరువైన రేగడిలో కష్టం. పైగా కాలువ కింద వరి పండే రేగడిలో నెలల తరబడి నీరు నిలిచి గాలి ఆడదు కాబట్టి కూరగాయలను పట్టే జాతులు అక్కడ బాగా తగ్గిపోతాయి. బోరు నీటితో, డ్రిప్పుతో ఏడాదంతా టమాట తర్వాత వంగ, వంగ తర్వాత దోస వేసే ఎర్రనేల ముక్కలో మాత్రం పురుగుకు ఆకలి అనేదే తెలియదు. అందుకే ఒకే ఊళ్లో ఒక రైతు ఈ పురుగు పేరే వినకపోవచ్చు, పక్క రైతు దీని దెబ్బకు వంగ మానేయవచ్చు.

జీవిత చక్రం

గుడ్డు నుంచి బయటికొచ్చే పిల్ల పురుగు అర మిల్లీమీటరు కూడా ఉండదు, కంటికి కనబడదు. దాని దగ్గర కొద్దిపాటి కొవ్వు నిల్వ తప్ప తిండి ఉండదు. ఆ నిల్వ అయిపోయేలోగా వేరు దొరకాలి. వేరు కొనకు కాస్త వెనక లేత భాగంలో దూరి, నీరు, ఆహారం పారే నాళాల దగ్గరికి చేరి, తలను అక్కడ గుచ్చి ఆగుతుంది. దాని లాలాజలం ప్రభావంతో చుట్టూ ఉన్న కొన్ని కణాలు విభజన పూర్తి కాకుండానే ఉబ్బి, అనేక కేంద్రకాలున్న రాక్షస కణాలుగా మారతాయి. మొక్క తయారు చేసుకున్న ఆహారం ఇక ఆ కణాల్లోకే మళ్లుతుంది. చుట్టూ ఉన్న కణజాలం పెరిగి బుడిపె అవుతుంది. పురుగు మళ్లీ అక్కడి నుంచి కదలదు. ఆడపురుగు బేరిపండు ఆకారంలో ఉబ్బి, ముత్యంలా తెల్లగా మారి, జిగురు సంచిలో కొన్ని వందల గుడ్లు పెడుతుంది. ఇన్‌కాగ్నిటా జాతికి సంతానం కోసం మగపురుగు అవసరం కూడా లేదు.

నేల 27, 28 డిగ్రీల వేడిలో ఉంటే గుడ్డు నుంచి గుడ్డుకు 25 నుంచి 30 రోజులు చాలు. నాలుగు నెలల టమాట పంటలో మూడు, నాలుగు తరాలు వస్తాయన్నమాట. నాటిన రోజు గుప్పెడు మట్టిలో పదుల్లో ఉన్నవి చివరి కోత నాటికి వేలల్లోకి చేరడానికి కారణం ఇదే. మొదటి పంటలో పెద్దగా నష్టం కనబడకపోవడానికి, రెండో పంట కుదేలవడానికి కూడా ఇదే కారణం.

పురుగు సొంతంగా ఒక కాలంలో మీటరు దూరం కూడా దాటదు. పొలం నుంచి పొలానికి దాన్ని మోసుకెళ్లేది మనమే: నారు వేళ్లకు అంటిన మట్టి, ట్రాక్టరు గొర్రుకు పట్టిన బంక, ఎగువ మడి నుంచి దిగువ మడికి పారే నీరు. వీటిలో అన్నిటికంటే ప్రమాదకరమైనది నారు. పురుగు ఉన్న నారుమడి నుంచి తెచ్చిన మొక్క ప్రతి గుంతలోకీ పురుగును స్వయంగా నాటుతుంది.

బుడిపెలను మొదటిసారి వర్ణించినది 1855లో ఇంగ్లండుకు చెందిన బర్క్‌లీ. అద్దాల గదిలో పెంచిన దోస వేళ్ల మీద ఆయన వాటిని చూశాడు. దక్షిణ భారతంలో 1901లో బార్బర్ తేయాకు మొక్కల మీద వీటిని నమోదు చేశాడు. చాలాకాలం ప్రపంచంలోని వేరు బుడిపె పురుగులన్నీ ఒకే జాతి అనుకున్నారు. 1949లో చిట్‌వుడ్ వాటిని వేర్వేరు జాతులుగా విడదీశాడు. ఏ జాతి ఉందో తెలియకుండా పంట మార్పిడి చేస్తే ఫలితం రాదని ఆ తర్వాతే అర్థమైంది. బళ్లారి వైపు పత్తి ఎక్కువ కనుక ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఇన్‌కాగ్నిటాలో కొన్ని రేసులు పత్తి మీద పెరుగుతాయి, కొన్ని పెరగవు. కాబట్టి కూరగాయల తర్వాత పత్తి వేస్తే పురుగు తగ్గుతుందని ముందే అనుకోవడానికి లేదు.

గుర్తింపు

పొలంలో మొదట కనిపించేది వేరు కాదు, మచ్చ. చేనంతా ఏపుగా ఉండగా అక్కడక్కడ గుండ్రంగానో, దుక్కి సాగిన దిక్కులో కోలగానో కొన్ని మొక్కలు పొట్టిగా, ఆకులు లేత పసుపుగా నిలబడతాయి. మధ్యాహ్నం వాడిపోతాయి, సాయంత్రానికి తేరుకుంటాయి. డ్రిప్పు బాగానే నడుస్తుంటుంది, మట్టి తడిగానే ఉంటుంది. నత్రజని లోపమనుకుని యూరియా ఇస్తారు, నాలుగు రోజులు పచ్చగా కనబడి మళ్లీ పసుపెక్కుతుంది. తడి ఉన్న నేలలో మొక్క వాడిందంటే నీటిని పైకి పంపే దారిలో ఎక్కడో అడ్డు ఉన్నట్టే. అప్పుడు చేయాల్సింది మరో సంచి ఎరువు తేవడం కాదు, పార తేవడం.

మొక్కను లాగకూడదు. లాగితే బుడిపెలున్న సన్నవేళ్లు తెగి మట్టిలోనే ఉండిపోతాయి, చేతికొచ్చే తల్లివేరు శుభ్రంగా కనిపించి మోసం చేస్తుంది. చుట్టూ జానెడు దూరంలో తవ్వి, మట్టిగడ్డతో సహా ఎత్తి, బకెట్టు నీళ్లలో మెల్లగా కడగాలి. బెండ, టమాట, దోస, సొర జాతుల్లో బుడిపెలు శనగగింజంత మొదలుకుని ఒకదానితో ఒకటి కలిసి వేరంతా అల్లం కొమ్ములా ఉబ్బే దాకా ఉంటాయి. మిరపలో మాత్రం చిన్నవిగా, ఆవగింజంత ఉంటాయి. చూపు పదునుగా లేకపోతే దాటిపోతాయి. క్యారెట్‌లో దుంప చీలి, కొమ్ములు వేసి, సంతలో అమ్ముడుపోని రూపం తెచ్చుకుంటుంది.

చిక్కుడు, అలసంద, వేరుశనగ వేళ్లకు సహజంగానే నత్రజని బుడిపెలుంటాయి కాబట్టి అక్కడ తడబాటు సాధారణం. నత్రజని బుడిపె వేరుకు పక్కన అంటుకుని ఉంటుంది, గోటితో తోస్తే ఊడి వస్తుంది, కోస్తే లోపల గులాబీ రంగు కనిపిస్తుంది. నులిపురుగు బుడిపె అలా కాదు, అది ఉబ్బిన వేరే. ఊడదీయాలంటే వేరు తెగాలి. ముదురు బుడిపెను బ్లేడుతో చీల్చి భూతద్దంతో చూస్తే తెల్లని ఆడపురుగులు కనబడతాయి.

కొన్నిసార్లు మొక్క పూర్తిగా ఎండిపోతుంది. సాధారణంగా నులిపురుగు ఒక్కటే పెరిగిన మొక్కను చంపదు. అది చేసిన గాయాల ద్వారా, బలహీనపడిన వేరు ద్వారా ఫ్యుజేరియం శిలీంధ్రమో, ఎండుతెగులు బ్యాక్టీరియానో లోపలికి వస్తుంది. ఎండుతెగులును తట్టుకుంటుందని కొన్న రకం కూడా పురుగున్న నేలలో పడిపోవడానికి కారణం అదే. కాండం కింద ముక్క కోసి నీళ్ల గ్లాసులో వేలాడదీస్తే పాలలాంటి దారం దిగడం బ్యాక్టీరియాకు గుర్తు. ఆ దారం ఉన్నా లేకపోయినా వేరును చూడడం మానకూడదు.

పంట లేని పొలంలో పురుగు ఉందో లేదో తెలుసుకోవడానికి ఖర్చు లేని మార్గం ఒకటుంది. పొలంలో పది, పదిహేను చోట్ల పై రెండు అంగుళాల పొడిమట్టి తీసేసి, దాని కింద జానెడు లోతు వరకు మట్టి తీసి కలపాలి. దాన్ని ఎండలో పెట్టకుండా కుండీల్లో నింపి, నిరోధక శక్తి లేని టమాటనో బెండనో నాటాలి. నాలుగైదు వారాల తర్వాత కడిగి చూస్తే ఎన్ని బుడిపెలుంటే పొలంలో అంత పురుగు. ల్యాబుకు పంపే మట్టికీ ఇదే జాగ్రత్త అవసరం. బండి పెట్టెలో మధ్యాహ్నమంతా ఎండకు ఉడికిన నమూనాలో పురుగులు చచ్చిపోయి, నేల శుభ్రంగా ఉందని తప్పుడు ఫలితం వస్తుంది.

సోలరైజేషన్: ఎండను పనిలో పెట్టడం

తడినేల మీద పారదర్శకమైన పాలిథీన్ షీటు పరిచి, వారాల తరబడి ఎండ వేడిని లోపల బంధించి, మట్టిలోని పురుగులనూ శిలీంధ్రాలనూ చంపే పద్ధతి ఇది. 1976లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్త కటాన్, ఆయన సహచరులు దీన్ని ప్రకటించారు. అది వేసవి ఎండ తీవ్రంగా ఉండే దేశం. ఏప్రిల్, మే నెలల్లో పగటి వేడి 40 డిగ్రీలకు అటూ ఇటూ ఉండే బళ్లారికి ఆ పద్ధతి అతికినట్టు సరిపోతుంది.

ప్రశ్న ఎంత వేడి అన్నది ఒక్కటే కాదు, ఎన్ని గంటలు అన్నది కూడా. ఇన్‌కాగ్నిటా మీద ప్రయోగశాలలో జరిగిన పరీక్షల్లో 42 డిగ్రీల దగ్గర గుడ్లూ పిల్లలూ చావడానికి మొత్తం కలిపి 13, 14 గంటలు సరిపోయాయి. 38 డిగ్రీల దగ్గర అవే గుడ్లు చావడానికి పదహారు రోజులకు సమానమైన గంటలు పట్టాయి. నాలుగు డిగ్రీల తేడాకు ఇంత వ్యత్యాసం! ఈ గంటలు ఏకధాటిగా రానక్కరలేదు. రోజుకు రెండు, మూడు గంటల చొప్పున కూడుకుంటూ వచ్చినా లెక్కలోకి వస్తాయి. షీటు నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచమనడం అందుకే.

పని మొదలయ్యేది నీటితో. నేలను మెత్తగా దున్ని, గడ్డలు, కొయ్యకాళ్లు ఏరి, చదును చేసి, అడుగున్నర లోతు దాకా తడిసేలా పారించాలి. పొడిమట్టిలో వేడి లోతుకు దిగదు. పైగా ఎండిన మట్టిలో ముడుచుకుని నిద్రాణంగా ఉన్న పురుగు వేడిని ఎక్కువ తట్టుకుంటుంది, తడిలో మేలుకున్నది త్వరగా చస్తుంది. కుడతిని రైతుకు అసలు ఇబ్బంది ఇక్కడే. సోలరైజేషన్‌కు మంచి నెలల్లో తుంగభద్ర కాలువలో నీరుండదు. బోరు ఉన్నవాడికే ఈ పద్ధతి.

షీటు తెల్లగా, అంటే ఆరపార కనిపించేలా ఉండాలి. ఇంట్లో మిగిలిన వెండి-నలుపు మల్చింగ్ షీటు పరిచి సోలరైజేషన్ చేశామనుకునేవాళ్లు ఉంటారు. వెండి వైపు ఎండను తిప్పికొడుతుంది, నల్ల షీటు తాను వేడెక్కి ఆ వేడిలో చాలా భాగాన్ని గాలికి వదిలేస్తుంది. పారదర్శక షీటు అయితే ఎండను మట్టి దాకా పోనిచ్చి, పైకి లేచే వేడినీ ఆవిరినీ పట్టి ఉంచుతుంది. 25 మైక్రాన్ల షీటు వేడికి మంచిది, ధర తక్కువ, కానీ గాలికి చిరుగుతుంది. గాలి ఎక్కువుంటే 50 మైక్రాన్లది తీసుకోవాలి. షీటు మట్టికి అతుక్కుని ఉండాలి. కింద గాలి బుడగలుంటే వేడి ఆగిపోతుంది. అంచులను చుట్టూ కాలువ తీసి మట్టిలో పూడ్చాలి. లోపలి వైపు నీటి చుక్కలు పట్టి ఉంటే తడి సరిపోయినట్టే. కుక్కలు, పశువులు తొక్కి చేసిన చిల్లులను అదే రోజు టేపుతో మూయాలి.

సరిగా చేస్తే పైన రెండు అంగుళాల్లో మట్టి మధ్యాహ్నం 50 డిగ్రీలు దాటుతుంది. జానెడు లోతులో 40 పైన ఉండడమే ఎక్కువ. అక్కడ వేడి గరిష్ఠానికి చేరేది సాయంత్రం వైపు. కాబట్టి ఫలితం చూడాలనుకునేవారు నేల థర్మామీటరును ఆరంగుళాల లోతున గుచ్చి నాలుగైదు గంటలకు చూడాలి. మధ్యాహ్నం పైపొర వేడి చూసి సంతోషించడం దండగ. అడుగు కంటే లోతున పురుగు బతికే ఉంటుంది. షీటు తీశాక లోతు దుక్కి దున్నితే ఆ బతికిన మట్టి పైకొచ్చి చేసిన పనంతా వృథా అవుతుంది. అంచుల దగ్గర మట్టి కూడా చల్లగానే ఉంటుంది కాబట్టి ఇరుకైన బోదెల కంటే వెడల్పు పట్టీలు మేలు.

ఇక ఖర్చు. 25 మైక్రాన్ల షీటు చదరపు మీటరుకు సుమారు 23 గ్రాములు తూగుతుంది. ఎకరానికి, అంటే 4,047 చదరపు మీటర్లకు, 93 కిలోలు, అంచుల పూడికతో కలిపి నూరు దాటుతుంది. కూరగాయల ధరలు పడిపోయిన ఏడాదిలో ఈ ఖర్చు మోయడం కష్టం. అదే ఎకరానికి సరిపడే టమాట, వంగ నారుమడి 40 చదరపు మీటర్లు. దానికి కావాల్సిన షీటు అంచులతో కలిపి రెండు కిలోలకు మించదు. నా అభిప్రాయంలో ఈ ప్రాంతంలో సోలరైజేషన్ అసలు చోటు నారుమడే. పొలాన్ని మొత్తం కప్పలేనివాడు కూడా నారును శుభ్రంగా పెంచగలడు. శుభ్రమైన నారు మొదటి మూడు, నాలుగు వారాలు, వేరు లేతగా ఉన్న కాలం, దాటితే తర్వాత పురుగు సోకినా మొక్క కొంత తట్టుకుంటుంది.

ప్రోట్రేల్లో నారు పెంచేవారికి ఇంకో సౌకర్యం ఉంది. తడిపిన మట్టి మిశ్రమాన్ని అడుగు ఎత్తుకు మించకుండా పోసి, రెండు పొరల పారదర్శక షీటు మధ్య గాలి సందు ఉండేలా కప్పితే కుప్ప వేడి పొలం కంటే చాలా ఎక్కువకు పోతుంది. కాలిఫోర్నియా నర్సరీల నిబంధనల్లో ఈ పద్ధతికి 70 డిగ్రీల దగ్గర అరగంట, లేదా 60 డిగ్రీల దగ్గర గంట అనే కొలత ఉంది. ఆ వేడి కుప్ప అడుగున, మధ్యలో కూడా అందిందని థర్మామీటరుతో చూసుకోవాలి.

మే రెండో సగంలో ఉరుములతో వానలు మొదలైతే మబ్బు పట్టిన రోజులు గంటల లెక్కలోంచి పోతాయి. కాబట్టి ఈ ప్రాంతంలో షీటు ఏప్రిల్ మొదట్లోనే పరవడం మంచిది.

బంతి: కాపలా వరుస కాదు, పంట

బంతి నులిపురుగులను తగ్గిస్తుందన్నది నిజమే. అయితే రైతులు చేసే తీరుకూ పరిశోధన చెప్పే తీరుకూ మధ్య దూరం ఎక్కువ. టమాట చేలో పదహారు వరుసలకు ఒక వరుస బంతి వేయడం మన దగ్గర బాగా వ్యాపించింది. అది కాయతొలుచు పురుగు కోసం బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ నుంచి వచ్చిన సలహా. తల్లి రెక్కపురుగు బంతి పూల వైపు ఆకర్షితమై అక్కడ గుడ్లు పెడుతుంది, టమాటకు బెడద తగ్గుతుంది. ఆ వరుసే నులిపురుగులనూ చూసుకుంటుందని అనుకోవడం పొరపాటు. రెక్కపురుగు ఎగిరి బంతి దగ్గరికి వస్తుంది. నులిపురుగు మీటరు కూడా నడవలేదు. దాని దగ్గరికి బంతి వేరే వెళ్లాలి.

బంతి పనిచేసేది వేరు లోపల. ఆ వేళ్లలో ఆల్ఫా-టెర్థియనైల్ అనే గంధక సమ్మేళనం ఉంటుంది. 1958లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు ఉలెన్‌బ్రూక్, బైలూ దానికి నులిపురుగులను చంపే గుణం ఉందని చూపించారు. పిల్ల పురుగు బంతి వేరులోకి మామూలుగానే దూరుతుంది, కానీ అక్కడ రాక్షస కణాలు తయారుకావు, అది పెరగదు, గుడ్లు పెట్టదు, చస్తుంది. అందుకే బంతి ఆకులు, పూలు కోసి మట్టిలో కలపడం వల్ల వచ్చే ఫలితం, బతికున్న వేరు నేలంతా అల్లుకోవడం వల్ల వచ్చే ఫలితం ముందు చాలా తక్కువ.

ఇందులోంచి మూడు షరతులు వస్తాయి. బంతి ముఖ్య పంటకు ముందు, తానొక్కటే పంటగా ఉండాలి. కనీసం రెండు నెలలు, మూడు అయితే మేలు, నేలలో ఉండాలి. వేళ్ల మధ్య ఖాళీ లేకుండా దగ్గరగా ఉండాలి. అమెరికాలోని ఫ్లోరిడాలో మొక్కల మధ్య ఏడంగుళాల కంటే తక్కువ దూరం చెబుతారు. లెక్క వేస్తే ఎకరానికి లక్షా ఇరవై వేల మొక్కలకు పైమాటే. పూల కోసం 60, 45 సెంటీమీటర్ల ఎడంతో నాటే బంతిలో ఎకరానికి పదిహేను వేలే ఉంటాయి. ఆ ఖాళీల్లో మొలిచే గంగపావిలి, కామంచి, తోటకూర జాతి కలుపు మొక్కలు పురుగుకు చక్కటి ఆశ్రయం. బంతి చంపినవాటిని కలుపు మళ్లీ పుట్టిస్తుంది.

రకం కూడా ముఖ్యమే. పొట్టిగా, గుబురుగా పెరిగే చిన్నపూల బంతి, దీన్ని ఫ్రెంచి బంతి అంటారు, నులిపురుగుల మీద నమ్మకంగా పనిచేస్తుంది. దండలకు వాడే పెద్దపూల ఆఫ్రికన్ బంతిలో కొన్ని రకాలు బాగా పనిచేస్తాయి, కొన్ని అంతంతే. సందేహం తీర్చుకునే మార్గం రైతు చేతిలోనే ఉంది: పురుగున్న మచ్చలో వేసిన బంతిని యాభై రోజుల తర్వాత తవ్వి కడిగి చూడాలి. వేళ్ల మీద బుడిపెలుంటే ఆ విత్తనం ఈ పనికి పనికిరాదు.

లక్ష నారు కొనడం ఎవరికీ సాధ్యం కాదు. మధ్యేమార్గం మచ్చలను గుర్తించడం. గత పంటలో పసుపెక్కిన చోట్లకు కొయ్యలు పాతి, ఆ పది, పదిహేను సెంట్లలో మాత్రం చిన్నపూల బంతి విత్తనం ఒత్తుగా చల్లి, మిగతా భూమిలో పూల బంతిని మామూలు ఎడంతో నాటి, కలుపును శ్రద్ధగా తీయవచ్చు. జూన్, జూలైలో వేసిన బంతి దసరా, దీపావళి నాటికి కోతకొస్తుంది కాబట్టి ఆ భూమి ఖాళీగా ఉన్నట్టు కాదు.

బంతి ప్రభావం ఒక్క పంట కాలమే. తర్వాత వేసిన వంగ మొదటి రెండు నెలలు నిశ్చింతగా పెరుగుతుంది, చివరి కోతల నాటికి పురుగు సంఖ్య మళ్లీ మొదటికొస్తుంది.

నిరోధక రకాలు, నిరోధక వేరుమూలం

టమాటలో నులిపురుగు నిరోధకత దాదాపు అంతా ఒకే మూలం నుంచి వచ్చింది. దక్షిణ అమెరికా అడవి టమాట సొలానం పెరువియానంలోని ఈ గుణాన్ని 1944లో కాలిఫోర్నియాకు చెందిన స్మిత్, అపరిపక్వ పిండాన్ని గాజు గిన్నెలో పెంచే పద్ధతితో, సాగు టమాటలోకి తెచ్చాడు. ఎంఐ అనే పేరుతో పిలిచే ఆ జన్యువే నేటికీ ఆధారం. మన దేశంలో హర్యానా వ్యవసాయ విశ్వవిద్యాలయపు హిసార్ లలిత్, బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ హైబ్రిడ్ అర్క వర్దన్ నిరోధక టమాటలుగా విడుదలయ్యాయి.

ఎంఐ జన్యువుకు ఒక బలహీనత ఉంది, అది కుడతినికి నేరుగా తగులుతుంది. నేల వేడి 28 డిగ్రీలు దాటేకొద్దీ ఆ జన్యువు పనిచేయడం మానుకుంటుంది. 33 డిగ్రీల దగ్గర నిరోధక టమాటకూ మామూలు టమాటకూ తేడా ఉండదని 1960లలోనే తేలింది. పురుగు వేరులో దూరిన మొదటి రెండు, మూడు రోజుల వేడే ఇందులో నిర్ణయాత్మకం. మార్చి నుంచి జూన్ దాకా ఇక్కడ వేరు లోతున నేల ఆ గీత కింద ఉండదు. కాబట్టి ప్యాకెట్టు మీద నిరోధకమని రాసి ఉన్నా వేసవి టమాటకు ఆ మాట వర్తించదు. అక్టోబరు, నవంబరుల్లో నాటి చలికాలంలో పెరిగే పంటకే ఆ డబ్బు దక్కుతుంది. షీటు కింద పురుగును చంపే ఎండే షీటు బయట పురుగుకు తలుపు తీస్తుందని రైతు ఎరిగి ఉండాలి.

వంగలో ఇంతటి జన్యువు సాగు రకాల్లోకి ఇంకా రాలేదు. అక్కడ దారి అంటుకట్టడం. పురుగును తట్టుకునే అడవి మొక్క వేరు మీద మనకు కావాల్సిన వంగ కొమ్మను నిలబెట్టడం. ఇందుకు ప్రపంచమంతటా ఎక్కువ వాడేది మన ఊళ్లలో కంచెల వెంట ముళ్లతో పెరిగే ఉస్తి, అంటే సొలానం టార్వం. కాయల్ని వరుగు చేసి పులుసులో వేసుకునే మొక్కే ఇది. జపాన్‌లో దీన్ని వేరుమూలంగా చాలాకాలంగా వాడుతున్నారు. ఇది నులిపురుగుతో పాటు బ్యాక్టీరియా ఎండుతెగులును కూడా చాలావరకు తట్టుకుంటుంది కాబట్టి, రెండూ కలిసి పడే నేలల్లో ఒకే అంటు రెండు పనులు చేస్తుంది. టమాట కొమ్మ ఉస్తి మీద అంత బాగా కుదరదు. టమాట కోసం తైవాన్‌లోని ప్రపంచ కూరగాయల కేంద్రం ఈజీ203 వంటి వంగ రకాలను వేరుమూలంగా సూచించింది. అవి ముంపునూ తట్టుకుంటాయి.

ఉస్తితో మొదటి చిక్కు విత్తనం. అది బద్ధకంగా, ఒకటి అటూ ఒకటి ఇటూ మొలుస్తుంది. జిబ్బరెల్లిక్ ఆమ్లపు ద్రావణంలో ఒక రోజు నానబెడితే మొలక మెరుగవుతుంది. అయినా మొక్క నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి వంగ విత్తనం కంటే రెండు, మూడు వారాలు ముందే పోయాలి. రెండు కాండాలూ ఒకే మందం, రెండు, మూడు మిల్లీమీటర్లు, ఉన్న రోజున అంటు కట్టాలి. మందం కలవకపోతే చర్మం చర్మానికి ఆనదు, అంటు పట్టదు.

వేరుమూలాన్ని మొదటి నిజమైన ఆకుల దగ్గర కొత్త బ్లేడుతో ఏటవాలుగా కోసి, వంగ కొమ్మనూ అదే వాలులో కోసి, రెండు కోతలనూ ఆనించి సిలికాన్ క్లిప్పు పెడతారు. తర్వాతి వారమే కీలకం. మొదటి రెండు, మూడు రోజులు దాదాపు చీకటి, 25 నుంచి 28 డిగ్రీల వేడి, 90 శాతం పైన తేమ. ఆపైన వెలుతురు మెల్లగా పెంచుతూ, తేమ తగ్గిస్తూ వారం, పది రోజుల్లో మామూలు నీడలోకి తెస్తారు. బళ్లారి పొడి గాలిలో తలుపు ఒక్కరోజు తెరిచి ఉంచినా కొమ్మలు వాలిపోతాయి. పాలిథీన్ గుడారం, లోపల తడి గోనెలు, నీడ వల లేకుండా ఇక్కడ ఈ పని మొదలుపెట్టకూడదు. చేయి తిరిగిన నర్సరీ నుంచి అంటునారు కొనడం చాలామందికి సుఖం. మన దేశంలో అంటువంగ, అంటుటమాట పెద్దఎత్తున కనిపించేది ఛత్తీస్‌గఢ్ వైపు.

నాటేటప్పుడు చేసే ఒక్క తప్పు అంటు మొత్తాన్ని వ్యర్థం చేస్తుంది. అతుకును మట్టిలో పూడ్చితే వంగ కొమ్మ తన సొంత వేళ్లు వేసుకుంటుంది, పురుగు ఆ వేళ్లలోంచి లోపలికి వస్తుంది. అతుకు నేలకు కనీసం రెండంగుళాల పైన ఉండాలి, తర్వాత బోదె ఎగదోసేటప్పుడు కూడా ఆ ఎత్తు కాపాడాలి. అతుకు కింద నుంచి ముళ్లతో లేచే ఉస్తి పిలకలను వెంటవెంటనే గిల్లేయాలి. లేకపోతే కొన్నాళ్లకు చేలో వంగ బదులు ఉస్తికాయలు కాస్తాయి.

ఉస్తి పురుగును పూర్తిగా ఆపదు. పురుగు జాతిని బట్టి కొన్ని వేళ్లలో పెరిగి గుడ్లు పెట్టగలుగుతాయి. అంటుపంట తర్వాత మామూలు టమాట వేస్తే అది మళ్లీ దెబ్బతినవచ్చు.

ఒక ఎకరానికి ఏడాది క్రమం

ఎర్రనేలలో బోరు కింద ఉన్న ఎకరంలో టమాట అయిపోయిందనీ, వేళ్లలో బుడిపెలు కనబడ్డాయనీ అనుకుందాం. మార్చిలో పాత మొక్కలను వేళ్లతో సహా పీకి, ఎండబెట్టి, కాల్చేయాలి. బుడిపెల్లో ఉన్న గుడ్లన్నీ అక్కడే పోతాయి. ఏప్రిల్‌లో నేలను రెండుసార్లు, పది, పదిహేను రోజుల ఎడంతో లోతుగా దున్ని ఎండకు వదలాలి. ఇది ఖర్చు తక్కువ పని. అదే నెల మొదట్లో నారుమడి చోటును తడిపి షీటు పరిచి మే మధ్యలో తీయాలి. జూన్ వానకు బంతి: మచ్చల్లో ఒత్తుగా, మిగతా చోట పూలకు. ఆగస్టు చివర ఉస్తి విత్తనం, సెప్టెంబరు మధ్యలో వంగ విత్తనం, రెండూ సోలరైజ్ చేసిన మట్టిలోనే. అక్టోబరు రెండో సగంలో అంటు. దీపావళి పూలు దిగాక బంతిని నేలలోనే కలియదున్ని, నవంబరు మధ్యలో అంటువంగ నాటాలి. మచ్చలు లేని భాగంలో అంటు ఖర్చు అనవసరమనుకుంటే అక్కడ ఎంఐ జన్యువున్న టమాట వేయవచ్చు. చలికాలమంతా దానికి అనుకూలమే. ఫిబ్రవరి చివర నేల వేడెక్కేలోగా దాని ముఖ్యమైన కోతలు అయిపోవాలి.

ఈ క్రమంలో ఫోరేట్ గుళికలు వాడే దశ లేదు. పాతకాలపు సలహా పత్రాల్లో ఉన్న ఆ మందును మన దేశంలో 2020 చివరి నుంచి నిషేధించారు. ఇంకా ఎవరి గోదాములోనైనా ఉంటే కూరగాయల నేలలో వేయకూడదు.

పంట చివరి కోత అయిన రోజు కొడవలితో కాండం కోసి వదిలేయకండి. పొలం నాలుగు మూలల నుంచీ, మధ్య నుంచీ పదేసి మొక్కలు తవ్వి, కడిగి, ఎన్నింటికి బుడిపెలున్నాయో రాసి పెట్టుకోండి. వచ్చే ఏడాది బంతి ఎక్కడ ఒత్తుగా చల్లాలో, అంటునారు ఎంత కొనాలో ఆ కాగితమే చెబుతుంది.